తండ్రి పేరున ఉన్న భూమిని పంచుకోవడం: పంపకం దస్తావేజులో ఏమేమి రాయించాలి, కుదరకపోతే కోర్టులో ఏం జరుగుతుంది

గజపతినగరం మండలంలో ఈ-పంట నమోదుకు వచ్చే రైతుల్లో చాలామంది పాస్‌పుస్తకం ఇంకా తండ్రి పేరునో తాత పేరునో ఉంటుంది. భూమి మీద మాత్రం ముగ్గురు నలుగురు ఎవరి ముక్క వారు సాగు చేసుకుంటుంటారు. గట్లు వేసుకుని ఇరవై ఏళ్లయి ఉంటుంది, కానీ కాగితం మీద అది ఇప్పటికీ ఒకే ఖాతా. బ్యాంకులో పంట రుణం అడిగినప్పుడు, పంట నష్టపరిహారం వచ్చినప్పుడు, రోడ్డుకు భూమి పోయినప్పుడు "పట్టాదారు ఎవరు?" అన్న ప్రశ్న వస్తుంది. అప్పటిదాకా కలిసి ఉన్న అన్నదమ్ములు అక్కడ విడిపోతారు.

రీసర్వే జరిగిన గ్రామాల్లో ఇది ఇంకా బయటపడింది. పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు (ఎల్‌పీఎం నంబర్లు) వచ్చాయి. కుటుంబంలో పంపకం కాగితం లేనిచోట అందరినీ కలిపి ఒకే నంబరు కింద ఉమ్మడిగా చూపించారు. దాన్ని విడదీయాలంటే ఎవరికి ఏ ముక్క అన్నది చూపించే కాగితం కావాలి. ఆ కాగితమే పంపకం దస్తావేజు, లేదా కోర్టు తుది డిక్రీ.

ఇక్కడ చెప్పేది హిందూ కుటుంబాలకు వర్తించే చట్టం ప్రకారం. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ వాటాలు వేరుగా ఉంటాయి. అయితే దస్తావేజు రాయించే తీరు, రిజిస్ట్రేషన్, సర్వే పనులు అందరికీ ఒకటే.

ముందు తేల్చుకోవలసింది: ఎవరికి ఎంత వాటా

ఒక లెక్క చూద్దాం. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయారు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. నాయనమ్మ లేరు. మొత్తం భూమి 3 ఎకరాల 20 సెంట్లు, అంటే 320 సెంట్లు.

ఈ భూమి తండ్రి తన కష్టార్జితంతో కొన్నదైతే లెక్క సులువు. తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురికీ సమానం. తలకు 80 సెంట్లు.

అది పిత్రార్జితమైతే లెక్క వేరు. పిత్రార్జితంలో తండ్రికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి ముందు నుంచే సమాన హక్కు ఉంటుంది. కాబట్టి మొదట నాలుగు భాగాలు చేస్తారు. ఒక్కొక్కరికి 80 సెంట్లు వస్తుంది. ఈ మెట్టులో తల్లికి వేరే భాగం లేదు. తర్వాత చనిపోయిన తండ్రి భాగమైన 80 సెంట్లను ఆయన వారసులు నలుగురికి, అంటే తల్లికి, ముగ్గురు బిడ్డలకు, తలకు 20 సెంట్ల చొప్పున పంచుతారు. చివరకు ముగ్గురు బిడ్డలకు ఒక్కొక్కరికి ఎకరా, తల్లికి 20 సెంట్లు. భిన్నాల్లో చెబితే బిడ్డలకు పదహారో వంతులు ఐదేసి, తల్లికి పదహారో వంతు ఒకటి.

ఒకే కుటుంబం, ఒకే భూమి. కష్టార్జితమైతే తల్లికి 80 సెంట్లు, పిత్రార్జితమైతే 20 సెంట్లు. అందుకే భూమి తండ్రికి ఎలా వచ్చిందో చూడకుండా వాటాలు మాట్లాడుకోకూడదు.

"తాతగారి నుంచి వచ్చింది కాబట్టి పిత్రార్జితమే" అని చాలామంది అనుకుంటారు. అది ఎప్పుడూ నిజం కాదు. తాతగారు సొంతంగా కొన్న భూమి ఆయన 1956 తర్వాత చనిపోయినప్పుడు వారసత్వంగా తండ్రికి వస్తే, అది తండ్రి సొంత ఆస్తిగానే లెక్క. తాతలు తండ్రుల నుంచి విడిపోకుండా ఉమ్మడిగా వస్తున్న భూమి పిత్రార్జితం. మన జిల్లాలో చాలా గ్రామాలు ఒకప్పుడు విజయనగరం సంస్థానం కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటులో రైతులకు రైత్వారీ పట్టాలు వచ్చాయి. అప్పటి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఎవరి పేరు ఉందో చూస్తే భూమి మూలం చాలావరకు తెలుస్తుంది. దాని నకలుకు తహశీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆడపిల్ల సంతకం లేకపోతే

ఎక్కువ పంపకాలు చెడేది ఇక్కడే. పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్లను వదిలేసి అన్నదమ్ములు మాత్రమే దస్తావేజు రాసుకుంటారు. కొన్నేళ్లకు ఆ చెల్లెలో, ఆమె పిల్లలో దావా వేస్తారు. అప్పటికి ఒక ముక్క అమ్మేసి ఉంటారు. కొన్నవారు కూడా కోర్టుకు వస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు ఇస్తూ 1986లో రాష్ట్ర చట్టం వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఇప్పుడు పెళ్లి ఎప్పుడైందన్నది లెక్కలోకి రాదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. అక్కరలేదని, ఆడపిల్లకు హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది.

ఒక మినహాయింపు ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం పూర్తయి ఉంటే దాన్ని తిరగదోడరు. నోటిమాట పంపకం అప్పుడే జరిగిందని చెబితే సరిపోదు. ప్రభుత్వ రికార్డుల్లో అప్పటి నుంచే వేరువేరు ఖాతాలు నడిచినట్టు గట్టి రుజువు ఉంటే తప్ప కోర్టు ఒప్పుకోదు.

పెళ్లిలో పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చాం కదా అంటారు. ఇచ్చినంత మాత్రాన ఆమె వాటా దానంతటదే పోదు. ఆమె ఒప్పుకుంటే, ఆ భూమిని ఆమె వాటాలో జమ కట్టుకున్నట్టు పంపకం దస్తావేజులోనే సర్వే నంబరుతో సహా రాయించి ఆమెతో సంతకం పెట్టించాలి. ఆమె తన వాటా వద్దంటే అది కూడా నోటిమాటగా ఉండకూడదు. అందుకు హక్కు విడుదల దస్తావేజు వేరే ఉంది. దాన్నీ రిజిస్టర్ చేయించాలి. ఆమె లేకుండా రాసుకున్న పంపకానికి ఆమె కట్టుబడి ఉండనక్కరలేదు.

అన్నదమ్ముల్లో ఎవరైనా ముందే చనిపోయి ఉంటే ఆయన భార్య, పిల్లలు ఆ వాటాకు వస్తారు. మైనరు పిల్లలుంటే వారి తరఫున సంరక్షకులు సంతకం పెడతారు. అలాంటి పంపకంలో మైనరుకు అన్యాయం జరిగి ఉంటే పెద్దయ్యాక కోర్టులో తిరగదోడే వీలుంది. కాబట్టి మైనరు వాటాను మరింత జాగ్రత్తగా తూచి ఇవ్వాలి.

సెంట్లు సమానమైతే సరిపోదు

పై కుటుంబంలో భూమి పిత్రార్జితమే అనుకుందాం. 320 సెంట్లూ ఒకచోట లేవు. చెరువు కింద పల్లం 1 ఎకరా 20 సెంట్లు. బోరు ఉన్న గరువు ఎకరా. రోడ్డు పక్కన మామిడి తోట ఎకరా. ధరలు లెక్క కోసం ఇలా పెట్టుకుందాం: పల్లం ఎకరా 10 లక్షలు, గరువు 8 లక్షలు, తోట 12 లక్షలు. అప్పుడు పల్లం మొత్తం 12 లక్షలు, గరువు 8, తోట 12. అన్నీ కలిపి 32 లక్షలు.

వాటా ప్రకారం ఒక్కొక్క బిడ్డకు 10 లక్షలు, తల్లికి 2 లక్షల విలువ రావాలి. పెద్దకొడుకు పల్లంలో ఎకరా తీసుకున్నాడు, 10 లక్షలు, సరిపోయింది. తల్లికి పల్లంలో 20 సెంట్లు, 2 లక్షలు, సరిపోయింది. చిన్నకొడుకుకు గరువు ఎకరా వచ్చింది, అది 8 లక్షలే. కూతురికి తోట వచ్చింది, అది 12 లక్షలు. సెంట్లు చూస్తే ముగ్గురికీ సమానమే. విలువ చూస్తే చిన్నవాడికి 2 లక్షలు తక్కువ, కూతురికి 2 లక్షలు ఎక్కువ.

దీన్ని రెండు రకాలుగా సరిచేయవచ్చు. కూతురు చిన్న తమ్ముడికి 2 లక్షలు ఇవ్వడం ఒకటి. తోటలో ఆ విలువకు తగ్గ ముక్క వదలడం రెండోది. మొదటిది ఎంచుకుంటే ఆ హెచ్చుతగ్గుల సొమ్ము ఎంత, ఎవరు ఎవరికి ఇవ్వాలి, ఇచ్చేశారా, ఇవ్వకపోతే ఏ తేదీలోగా ఇవ్వాలి అన్నవి దస్తావేజులో రాయాలి. "తర్వాత చూసుకుందాం" అన్న సొమ్ము దగ్గరే మాటలు పెరుగుతాయి.

ఇక నీరు, దారి. చెరువు నుంచి వచ్చే కాలువ ముందు తల్లి 20 సెంట్లను తాకి, ఆ తర్వాత పెద్దకొడుకు మడికి వెళుతుంది. గరువుకు బండి దారి తోట గట్టు మీదుగానే ఉంది. అందరూ కలిసి ఉన్నప్పుడు ఇవి ఎవరికీ గుర్తుకు రావు. రేపు కూతురు తోట అమ్మితే, కొన్నవారు కంచె వేస్తే చిన్నకొడుకు కోత యంత్రాన్ని, ట్రాక్టరును గరువులోకి తీసుకెళ్లలేడు. దస్తావేజులో దారి లేకపోయినా తప్పనిసరి దారి హక్కు కోసం కోర్టుకు వెళ్లవచ్చు. కానీ అది మరో దావా, మరికొన్నేళ్లు. ముందే "తోట ఉత్తరపు గట్టు వెంట తూర్పు పడమరలుగా 12 అడుగుల వెడల్పున బండ్లు, ట్రాక్టరు నడిచే దారి హక్కు గరువు వాటాదారుకు, ఆయన తర్వాతి వారికి శాశ్వతంగా ఉంటుంది" అని ఒక్క వాక్యం రాయించుకుంటే ఆ గొడవే ఉండదు.

బోరు కూడా అంతే. అది గరువులో ఉంది, కానీ దాని నీరు ఎండాకాలంలో తోటకు పెడుతున్నారు. ఇకముందు పెట్టాలా వద్దా, పెడితే వారంలో ఏ రోజులు, మోటారు కాలిపోతే ఖర్చు ఎవరిది, కరెంటు సర్వీసు ఎవరి పేరుకు మారాలి అన్నవి తేల్చి రాయాలి. కళ్లం, పాత నుయ్యి, గట్టు మీది తాటిచెట్లు, తోటలోని పశువుల పాక లాంటివి ఉమ్మడిగా ఉంచుకుంటే "ఉమ్మడి" అని, ఒకరికిస్తే ఎవరికో పేరుతో రాయాలి.

పంపకం దస్తావేజులో ఉండవలసినవి

మొదట తేదీ, ఆ తర్వాత పంచుకునే వారందరి పేర్లు, తండ్రి లేక భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా, ఒకరికొకరు ఏమవుతారో ఉంటాయి. ఒక్క హక్కుదారు పేరు తప్పినా మిగతా కాగితం ఎంత చక్కగా ఉన్నా ఉపయోగం తక్కువ.

తర్వాత భూమి చరిత్ర వస్తుంది. ఎవరి నుంచి వచ్చింది, కొన్నదైతే ఆ దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్టరైన కార్యాలయం, తండ్రి చనిపోయిన తేదీ, పిత్రార్జితమా కష్టార్జితమా అన్నవి రాస్తారు. దాని కింద ఎవరి వాటా ఎంత, ఏ లెక్కన అన్నది ఉండాలి.

అసలు ప్రాణం షెడ్యూళ్లలో ఉంటుంది. ఒక్కొక్క వాటాదారుకు ఒక షెడ్యూలు ఉంటుంది. పై ఉదాహరణలో తల్లికి ఎ, పెద్దకొడుకుకు బి, చిన్నకొడుకుకు సి, కూతురికి డి. ప్రతి షెడ్యూలులో గ్రామం, మండలం, ఖాతా నంబరు, సర్వే నంబరు లేక ఎల్‌పీఎం నంబరు, విస్తీర్ణం, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు, మార్కెట్ విలువ ఉండాలి. హద్దులు రాసేటప్పుడు పాత దస్తావేజు చూసి ఎత్తి రాయకండి. ముప్పై ఏళ్ల కిందటి పొరుగు రైతు పేరు అందులో ఉంటుంది, ఆ భూమి ఇప్పుడు మరొకరిది అయి ఉంటుంది. పైగా పంపకం తర్వాత మీ ముక్కకు ఒక హద్దు మీ అన్నదమ్ముల ముక్కే అవుతుంది. పల్లంలో తల్లి 20 సెంట్లకు పడమర హద్దుగా "ఇందలి బి షెడ్యూలు భూమి" అని రావాలి.

ఆ తర్వాత హెచ్చుతగ్గుల సొమ్ము, దారి, నీరు, బోరు, ఉమ్మడి వస్తువుల షరతులు రాస్తారు. అప్పులు మరచిపోకండి. తండ్రి పేరున సహకార సంఘంలోనో బ్యాంకులోనో పంట రుణం, బంగారం రుణం ఉంటే ఎవరు ఎంత తీర్చాలో రాయాలి. మీలో మీరు రాసుకున్నది బ్యాంకును కట్టడి చేయదు, బ్యాంకు భూమి మొత్తం మీద అడగవచ్చు. కానీ ఒకరు కట్టిన సొమ్మును ఇంకొకరి దగ్గర రాబట్టుకోవడానికి ఆ రాత పనికొస్తుంది. తనఖా ఉంటే దస్తావేజుకు ముందే బ్యాంకుతో మాట్లాడాలి. తల్లికి వచ్చేది 20 సెంట్లే కాబట్టి ఆమె పోషణకు ఏటా ఎవరు ఎన్ని బస్తాల ధాన్యం, ఎంత సొమ్ము ఇవ్వాలో రాయడం న్యాయం.

చివర ఎవరి వాటా వారికి స్వాధీనం అయిన తేదీ, అసలు దస్తావేజు ఎవరి దగ్గర ఉంటుంది, మిగతా వారికి నకళ్లు, అందరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటాయి. పాత లింకు కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో, అడిగినప్పుడు మిగతావారికి చూపించాలన్న మాట కూడా రాయించండి.

పెద్దమనుషుల ముందు రాసుకున్న పారీఖత్తు చెల్లుతుందా

ఊళ్లో పెద్దల ముందు తెల్లకాగితం మీదో, వంద రూపాయల స్టాంపు మీదో పారీఖత్తు రాసుకుని పెట్టెలో పెట్టుకుంటారు. అందులో ఏముందన్నదే ముఖ్యం.

"ఈ రోజు ఈ కాగితం ద్వారా ఇలా పంచుకున్నాం" అని ఉంటే ఆ కాగితమే పంపకం చేస్తున్నట్టు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దాన్ని రిజిస్టర్ చేయాలి. చేయకపోతే భూమి మీద హక్కుకు రుజువుగా కోర్టు తీసుకోదు. కుటుంబం విడిపోయిందా, ఎవరు ఎక్కడ స్వాధీనంలో ఉన్నారు వంటి పక్క విషయాలకు మాత్రం చూడవచ్చు. దానికి కూడా ముందు రావలసిన స్టాంపు సుంకం, దానిపై పదిరెట్ల దాకా జరిమానా కట్టించుకుంటారు.

"ఫలానా సంవత్సరంలో నోటిమాటగా పంచుకున్నాం, అప్పటి నుంచి ఎవరి భాగం వారు అనుభవిస్తున్నాం, జ్ఞాపకం కోసం రాసుకుంటున్నాం" అని ఉంటే అది జరిగిపోయిన పంపకానికి గుర్తు మాత్రమే. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని కోర్టులు చెప్పాయి. కానీ ఆ నోటి పంపకం నిజంగా జరిగిందని వేరే రుజువులతో నిలబెట్టుకోవాలి. ఇవాళ పంచుకుంటూ పాత పంపకంలా రాయించడం తెలివి కాదు. ఇద్దరు సాక్షులు అడ్డం తిరిగితే కాగితం పడిపోతుంది.

సర్వే, రిజిస్ట్రేషన్, పేరు మార్పు: ఏది ముందు

ముందు కొలత. గ్రామ సచివాలయంలో సబ్‌డివిజన్‌కు దరఖాస్తు పెట్టి గ్రామ సర్వేయరు చేత ముక్కలు కొలిపించండి. హక్కుదారులందరూ ఆ రోజు పొలంలో ఉండాలి. మన ఉదాహరణలో పల్లం 1.20 ఎకరాల ముక్కను తల్లికి 20, పెద్దవాడికి 100 సెంట్లుగా విడదీయాలి. కొలిస్తే అది 1.17 వస్తే ఏం చేయాలి? పాస్‌పుస్తకంలో ఉందని దస్తావేజులో 1.20 రాయించుకుంటే మూడు సెంట్లు కాగితం మీద మాత్రమే ఉంటాయి, తర్వాత పేరు మార్పు దగ్గర ఆగిపోతుంది. ఆ తేడాను అందరూ ముందే పంచుకుని ఉన్న విస్తీర్ణమే రాయించాలి. రికార్డు తప్పనిపిస్తే ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

తర్వాత రిజిస్ట్రేషన్. గజపతినగరం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అందరూ ఆధార్‌తో హాజరై ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి. సంతకాలు పెట్టిన నాలుగు నెలల్లోపు దస్తావేజును దాఖలు చేయాలి.

స్టాంపు సుంకం లెక్క అమ్మకం లెక్కలా ఉండదు. అన్ని వాటాల్లో విలువైన పెద్ద వాటాను పక్కన పెట్టి, మిగతా వాటాల విలువ మీదే వేస్తారు. పై ఉదాహరణలో కూతురి 12 లక్షల వాటా పక్కన పెడితే మిగిలిన 20 లక్షల మీద లెక్క. రేట్లు, వారసత్వ భూముల రాయితీలు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కాబట్టి దస్తావేజు రాయించే ముందు కార్యాలయంలోనే అడిగి రాయించుకోండి. సుంకం ఎవరు కట్టాలో మీరు రాసుకోకపోతే వాటాల నిష్పత్తిలో అందరూ కట్టాలని చట్టం చెబుతుంది.

డి-పట్టా భూములు వారసులకు సంక్రమిస్తాయి గానీ, నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. అవి ఉంటే ముందుగా తహశీల్దారు కార్యాలయంలో విచారించుకోండి.

రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు. ఎవరి ఖాతా వారికి పడిందో మీభూమిలో 1బి, అడంగల్ తీసి చూసుకోవాలి. పడకపోతే దస్తావేజు నకలుతో సచివాలయంలో మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. తహశీల్దారు ఉత్తర్వు మీద అభ్యంతరం ఉంటే ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. మీ పేరున 1బి వచ్చాకే మా దగ్గర ఈ-పంటలో పట్టాదారుగా మీ పేరు సరిగా వస్తుంది.

మాట కుదరకపోతే: కోర్టులో రెండు డిక్రీలు

ఒక్కరు ఒప్పుకోకపోయినా ఒప్పంద పంపకం సాగదు. అప్పుడు భాగపంపిణీ దావా వేయాలి. హక్కుదారులందరినీ, ఉమ్మడి ఆస్తులన్నింటినీ దావాలో చేర్చాలి. ఒకరిని లేదా ఒక ముక్కను వదిలేస్తే అదే లోపమై దావా మళ్లీ మొదటికి వస్తుంది. మీరు భూమి మీద ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కోర్టు రుసుము చిన్న స్థిర మొత్తమే. మిమ్మల్ని భూమి నుంచి పూర్తిగా బయటికి నెట్టేసి ఉంటే మీ వాటా మార్కెట్ విలువను బట్టి రుసుము కట్టాలి.

కోర్టు మొదట ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. అందులో ఎవరికి ఎన్నో వంతు అన్నది మాత్రమే ఉంటుంది. "నేను కేసు గెలిచాను" అని దాన్ని పట్టుకుని వచ్చే రైతులున్నారు. దానితో గట్టు వేయలేం, పాస్‌పుస్తకం మారదు. తర్వాత తుది డిక్రీ కోసం దరఖాస్తు నడవాలి. కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను నియమిస్తుంది, ఆయన సర్వేయరుతో పొలానికి వచ్చి కొలిచి, ఎవరికి ఏ ముక్క ఇవ్వాలో పటంతో నివేదిక ఇస్తారు. ఆ రోజు మీరు తప్పక పొలంలో ఉండండి. మీరు వేసుకున్న బోరు, నాటిన తోట, వాడుతున్న దారి, కాలువ చూపించి, ఆ ముక్క మీకు ఎందుకు రావాలో లిఖితంగా ఇవ్వండి. నివేదిక నచ్చకపోతే కోర్టులో అభ్యంతరం పెట్టే గడువులోనే పెట్టాలి. ముక్కలు చేస్తే పనికిరాని ఇల్లు, చిన్న స్థలం వంటివి ఉంటే 1893 పంపకాల చట్టం కింద వాటిని అమ్మి సొమ్ము పంచవచ్చు.

ఈ రెండు డిక్రీల మధ్య ఎంత మారవచ్చో ఒంగోలు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోని ఒక కేసు చూపిస్తుంది. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. దావా నడుస్తుండగా తండ్రి చనిపోయారు. 1999 మార్చిలో ప్రాథమిక డిక్రీ వచ్చింది. పిత్రార్జితంలో అన్నదమ్ములకు మూడో వంతు చొప్పున ఇచ్చి, తండ్రి మూడో వంతును నలుగురికి పంచారు. అంటే అక్కచెల్లెళ్లకు పన్నెండో వంతు చొప్పున వచ్చింది. తుది డిక్రీ ఇంకా కాకముందే 2005 చట్టం వచ్చింది. తమకు నాలుగో వంతు చొప్పున ఇవ్వాలని వారు అడిగారు. కింది కోర్టు 2009లో సరేనంది, హైకోర్టు కాదంది. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు అక్కచెల్లెళ్ల పక్షాన చెప్పింది. తుది డిక్రీ వచ్చేదాకా పంపకం పూర్తయినట్టు కాదని, చట్టం మారితే ప్రాథమిక డిక్రీలోని వాటాలనూ మార్చవచ్చని తేల్చింది. ప్రాథమిక డిక్రీకి, ఈ తీర్పుకు మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

తుది డిక్రీ వచ్చాక దాన్ని స్టాంపు కాగితం మీద రాయించాలి, ఆ ఖర్చు పార్టీలదే. అది లేకుండా అమలు కాదు. అమలుకు పన్నెండేళ్ల గడువు తుది డిక్రీ తేదీ నుంచే మొదలవుతుంది, స్టాంపు ఇచ్చిన తేదీ నుంచి కాదు. దావాలో ఉన్న ఆస్తి వరకు తుది డిక్రీకి మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కానీ ధ్రువీకరించిన నకలుతో తహశీల్దారు దగ్గర పేరు మార్పు చేయించుకోవాలి.

ఈ రెండు దారులకు మధ్య లోక్ అదాలత్ ఉంది. దావా వేశాక అయినా, వేయకముందైనా న్యాయసేవా కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరి ఇచ్చే అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. నడుస్తున్న దావా అక్కడ ముగిస్తే కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. అవార్డు రాసేటప్పుడు కూడా పైన చెప్పినట్టే ముక్క ముక్కకు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, దారి, నీరు ఉండేలా చూసుకోవాలి. "సమానంగా పంచుకోవాలి" అని మాత్రం ఉన్న అవార్డుతో మళ్లీ కొలతల దగ్గర ఆగిపోతారు.

సంతకం పెట్టే ముందు దస్తావేజు ముసాయిదాను ఇంటికి తెచ్చి, చదవగలిగిన వారి చేత అందరి ముందు పైకి చదివించండి. అన్ని షెడ్యూళ్ల సెంట్లు కూడితే కొలిచిన మొత్తానికి సరిపోవాలి. ఒకరి తూర్పు హద్దు ఎవరి ముక్క అయితే, వారి పడమర హద్దులో వీరి పేరు రావాలి. ప్రతి ముక్కలోకి బండి ఎటు నుంచి వెళుతుందో, నీరు ఎటు నుంచి వస్తుందో వేలితో చూపించగలగాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా ఆ రోజు సంతకం ఆపి, సర్వేయరును మళ్లీ పొలానికి పిలవండి.